పట్టాల మీద జారే కడ్డీ: కరెంటు ఎంత, ఎటు?

అందరికీ నమస్కారం. ఈ గంటసేపు ఒకే ఒక్క బొమ్మతో పని. నోటుబుక్కు తెరిచి గీయండి. పేజీకి అడ్డంగా రెండు సమాంతర పట్టాలు, వాటి మధ్య దూరం 25 సెం.మీ. ఎడమ చివర రెండు పట్టాలనూ కలుపుతూ 0.45 ఓమ్ నిరోధం. పట్టాల మీద నిలువుగా ఒక రాగి కడ్డీ. పేజీ అంతటా ఇంటూ గుర్తులు పెట్టండి. అంటే అయస్కాంత క్షేత్రం కాగితంలోకి దిగుతోందని అర్థం. దాని విలువ 0.4 టెస్లా. కడ్డీని సెకనుకు 2 మీటర్ల స్థిర వేగంతో కుడివైపు లాగుతున్నాం. కరెంటు ఎంత, ఎటు?

కడ్డీ లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. కడ్డీతో పాటు అందులోని ఆవేశాలు కూడా కుడివైపు కదులుతున్నాయి. క్షేత్రంలో కదిలే ఆవేశం మీద బలం పనిచేస్తుంది. ధనావేశమైతే ఆ బలం ఇక్కడ పేజీలో పైకి ఉంటుంది. నిజానికి కదిలేవి ఎలక్ట్రాన్లు, అవి కిందికి నెట్టబడతాయి. ఎలా చెప్పుకున్నా పై చివర ధన ధ్రువం, కింది చివర రుణ ధ్రువం. ఒక్కో కూలుంబు ఆవేశం మీద బలం vB, అది పనిచేసే పొడవు l. కాబట్టి విద్యుచ్ఛాలక బలం

e = Blv = 0.4 × 0.25 × 2 = 0.2 వోల్ట్

ఇదే విలువ ఫారడే నియమంతోనూ వస్తుంది. సెకనులో కడ్డీ ఊడ్చే వైశాల్యం 0.25 × 2 = 0.5 చదరపు మీటర్లు. దాన్ని 0.4తో గుణిస్తే అభివాహం మారే రేటు 0.2. రెండు దారులూ ఒకే చోటికి చేరాలి, చేరకపోతే ఎక్కడో పొరపాటు పడినట్టే.

ఈ సూత్రంలో l అంటే కడ్డీ మొత్తం పొడవు కాదు. కడ్డీ 30 సెం.మీ. ఉండి రెండు వైపులా కాస్త బయటికి పొడుచుకొచ్చినా, వలయంలో ఉన్నది 25 సెం.మీ. ముక్కే. కడ్డీని ఏటవాలుగా పెట్టి పట్టాల వెంబడే లాగినా అంతే. పట్టాల మధ్య కడ్డీ ముక్క పొడవు పెరుగుతుంది కానీ వేగానికి లంబంగా ఉన్న భాగం 25 సెం.మీ.గానే ఉంటుంది. అది సెకనుకు ఊడ్చే వైశాల్యం మారదు, అందుకే e కూడా మారదు.

ఇక కరెంటు. నిరోధం 0.45 ఓమ్ అనుకున్నాం. కడ్డీ వైపు కూడా కొంత నిరోధం ఉంటుంది. 3, 4 మి.మీ. మందమున్న రాగి కడ్డీకి ఇంత పొడవులో నిరోధం ఓమ్‌లో వెయ్యోవంతు కూడా ఉండదు. కానీ అది పట్టాలను తాకే రెండు చోట్లా నిరోధం ఉంటుంది. అన్నీ కలిపి 0.05 అనుకుందాం, పట్టాల నిరోధాన్ని వదిలేద్దాం. మొత్తం 0.5 ఓమ్. కరెంటు 0.2 / 0.5 = 0.4 ఆంపియర్.

ఇప్పుడు రెండు పట్టాల మధ్య వోల్ట్‌మీటరు పెడితే 0.2 చూపించదు. 0.2 − 0.4 × 0.05 = 0.18 వోల్ట్ చూపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ కడ్డీయే బ్యాటరీ. అంతర్నిరోధం ఉన్న ఏ బ్యాటరీ అయినా ఇలాగే చేస్తుంది.

దిశ దగ్గర ఎక్కువ మార్కులు పోయేది ఈ బ్యాటరీ మాట మరిచిపోయినప్పుడే. పై చివర ధన ధ్రువం అని సరిగ్గా కనుక్కుంటారు. వెంటనే "కరెంటు ఎక్కువ పొటెన్షియల్ నుంచి తక్కువకు పోతుంది కదా" అని కడ్డీలో బాణం కిందికి గీస్తారు. ఆ మాట బయటి నిరోధానికి వర్తిస్తుంది. బ్యాటరీ లోపల కరెంటు రుణం నుంచి ధనానికి పోతుంది. కాబట్టి కడ్డీలో బాణం పైకి. అక్కడి నుంచి పై పట్టా మీద ఎడమకు, నిరోధంలో కిందికి, కింది పట్టా మీద కుడికి వచ్చి కడ్డీలో కలుస్తుంది. అంటే అపసవ్య దిశ.

ఫ్లెమింగ్ కుడిచేతి నిబంధనతో సరిచూడండి. చూపుడువేలు కాగితంలోకి, బొటనవేలు కుడికి పెడితే మధ్యవేలు పైకి చూపిస్తుంది. ఎడమచేయి ఎత్తితే తలకిందుల జవాబు వస్తుంది. కదలికతో కరెంటు పుడితే కుడిచేయి, కరెంటు వల్ల బలం పుడితే ఎడమచేయి.

లెంజ్ నియమంతో కూడా చూద్దాం. కడ్డీ కుడికి పోతుంటే వలయం పెద్దదవుతోంది, లోపలికి దిగే అభివాహం పెరుగుతోంది. దాన్ని అడ్డుకోవాలంటే ప్రేరిత కరెంటు బయటికి వచ్చే క్షేత్రాన్ని పుట్టించాలి. అంటే అపసవ్య దిశే.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. ఎడమ చివర ఉన్న నిరోధాన్ని తీసి కుడి చివర పెట్టండి. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. "అపసవ్య దిశ" అని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. వలయం ఇప్పుడు కుంచించుకుపోతోంది, అభివాహం తగ్గుతోంది, కరెంటు సవ్య దిశలో తిరుగుతుంది. కానీ కడ్డీని చూడండి. అందులో బాణం ఇప్పటికీ పైకే! కడ్డీలోని ఆవేశాలకు నిరోధం ఏ వైపు ఉందో తెలియదు. వాటికి తెలిసింది తమ వేగం, తామున్న క్షేత్రం అంతే. అందుకే ముందు కడ్డీలో బాణం గీయండి, తర్వాతే వలయం చుట్టూ తిరగండి. రెండు చివరలా 0.45 ఓమ్ నిరోధాలు ఉన్నా కంగారు పడనక్కర్లేదు. అవి సమాంతరంలో ఉన్నాయి, కలిపి 0.225. కడ్డీవైపు 0.05 కలిపితే 0.275 ఓమ్. కడ్డీలో సుమారు 0.73 ఆంపియర్ పైకి వెళ్లి చెరిసగం రెండు వైపులకూ చీలుతుంది.

మళ్లీ మొదటి బొమ్మకు వద్దాం. కడ్డీలో 0.4 ఆంపియర్ పైకి పోతోంది కదా, క్షేత్రం దాని మీద బలం చూపుతుంది. BIl = 0.4 × 0.4 × 0.25 = 0.04 న్యూటన్. ఎడమచేతితో చూస్తే అది ఎడమకు, కదలికకు ఎదురుగా ఉంటుంది. కాబట్టి వేగం నిలవాలంటే మనం కుడికి 0.04 న్యూటన్‌తో లాగుతూనే ఉండాలి. మనం ఇచ్చే సామర్థ్యం 0.04 × 2 = 0.08 వాట్. వేడిగా పోయేది 0.4 × 0.4 × 0.5 = 0.08 వాట్. లెక్క సరిపోయింది. దిశ తప్పు గీసి ఉంటే ఈ బలం కుడికి వచ్చేది, కడ్డీ తనంతట తానే వేగం పెంచుకుంటూ వేడిని కూడా ఇచ్చేది. అది అసాధ్యం. పరీక్షలో అర నిమిషం మిగిలితే ఈ సరిచూపు చేయండి.

లాగడం ఆపేస్తే? కడ్డీ ద్రవ్యరాశి 20 గ్రాములనుకోండి. వేగం తగ్గేకొద్దీ కరెంటూ, దానితో అడ్డుకునే బలమూ తగ్గుతాయి. అందుకే వేగం ఘాతీయంగా పడిపోతుంది. దాని కాలస్థిరాంకం mR/(B²l²) = 0.02 × 0.5 / (0.16 × 0.0625) = 1 సెకను. ఒక సెకను తర్వాత వేగం 2 నుంచి 0.74 మీటర్లకు దిగుతుంది. ఘర్షణే లేకపోతే కడ్డీ మొత్తం 2 × 1 = 2 మీటర్ల దూరంలో ఆగుతుంది.

ప్రయోగశాలలో ఈ 2 మీటర్లు రావు. 20 గ్రాముల కడ్డీకి ఘర్షణ గుణకం 0.2 అయినా ఘర్షణ బలం 0.02 × 9.8 × 0.2, సుమారు 0.04 న్యూటన్. మొదట్లో ఉన్న అయస్కాంత బలమంతే ఇదీ. పైగా అయస్కాంత బలం వేగంతో పాటు తగ్గుతుంది, ఘర్షణ తగ్గదు. అందుకే కడ్డీ జారకుండా దొర్లేలా పట్టాలను అమర్చండి. ప్రయోగానికి ముందు కడ్డీనీ పట్టాలనూ సన్నని ఎమెరీ కాగితంతో రుద్దండి. రాగి మీద నల్లటి పొర ఉంటే తాకే చోట నిరోధం పెరిగి మీటరు ముల్లు వణుకుతుంది. అల్యూమినియం పట్టాలు అసలు వద్దు. రుద్దిన కాసేపటికే వాటి మీద ఆక్సైడు పొర మళ్లీ వస్తుంది.

ముల్లు వణికితే ముందు స్పర్శను అనుమానించండి. వణక్కుండా నిలకడగా తప్పు వైపు తిరిగితే, మీటరు తీగలు తారుమారయ్యాయేమో, అయస్కాంతం ఉత్తర ధ్రువం ఏ వైపు ఉందో చూడండి.