జముక్కి వస్తున్నావా?

శ్రోతలకు నమస్కారం. కాలేజీ ఉత్సవానికి పది కాలాలు నిలిచే పేరు ఎలా పెట్టుకోవాలో, ఒక లెక్చరర్‌గా మా కాలేజీ అనుభవం చెబుతాను.

విజయనగరంలో ఎవరినైనా ఆపి సిరిమాను ఎప్పుడని అడగండి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం అని ఠక్కున చెబుతారు. పైడితల్లి అమ్మవారి పండగ పేరు ఏటేటా మారదు. ఈ సంవత్సరం ఏం పేరు పెడదామని ఎవరూ కమిటీ వేసుకోరు. అదే ఊళ్ళో, మా కాలేజీలో, నేను సాంస్కృతిక కమిటీ చూసిన మొదటి మూడేళ్ళలో వార్షికోత్సవానికి మూడు పేర్లు మారాయి. ఒక ఏడాది యూఫోరియా, మరుసటి ఏడాది జెనిత్, ఆ పైఏడాది తరంగ్. నాలుగో ఏడాది క్లాసులో సరదాగా అడిగాను, పోయినేడు మన ఫెస్ట్ పేరేమిటర్రా అని. ఒక్కరూ చెప్పలేకపోయారు. వెనక బెంచీ కుర్రాడొకడు, "యాన్యువల్ డే కదండీ మాస్టారూ" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ప్రతి కొత్త కమిటీకీ తన గుర్తు ఒకటి ఉండాలని ఆశ. అందుకని ముందు కమిటీ పేరు తీసేసి కొత్తది పెడుతుంది. డిగ్రీ పిల్లాడు కాలేజీలో ఉండేదే మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో మూడు పేర్లు వింటే ఏది పట్టుకుంటాడు? పైగా ఆ మూడు పేర్లూ మనవి కావు. యూఫోరియా అని వెతికి చూడండి, దేశంలో ఎన్ని కాలేజీలు ఆ పేరుతో పోస్టర్లు వేశాయో లెక్క తేలదు.

పిలానీలో బిట్స్ వాళ్ళ సాంస్కృతిక ఉత్సవం పేరు ఒయాసిస్. రాజస్థాన్ ఎడారి దిక్కున ఉన్న క్యాంపస్‌కి ఆ పేరు ఒప్పింది. అదే పేరు పక్కనే నాగావళీ చంపావతీ పారే మన జిల్లాలో పెడితే నవ్వొస్తుంది. పేరు చోటుని చెప్పాలి, లేదా చోటు పేరుకి అర్థం ఇవ్వాలి. బొంబాయి ఐఐటీ వాళ్ళ మూడ్ ఇండిగోని విద్యార్థులు మూడ్ ఐ అని పిలుచుకుంటారు. పెద్ద పేరైనా పర్వాలేదు, నోరు దాన్ని కుదించుకోవడానికి వీలుండాలి. మద్రాసు ఐఐటీ ఉత్సవాన్ని ఒకప్పుడు మార్డీ గ్రా అనేవారు, తర్వాత సారంగ్ అయింది. అంటే పేరు మార్చకూడదని కాదు. మారిస్తే ఒక్కసారి మార్చి, ఆ తర్వాత దాన్ని వదలకుండా ఉండాలి.

సరే, మా సంగతికి వస్తాను. పేర్లు రాసి వేయమని లైబ్రరీ ముందు ఒక డబ్బా పెట్టాం. నలభై దాకా చీటీలు వచ్చాయి. సగానికి పైగా ఎక్కడో విన్న ఇంగ్లీషు పేర్లే, వాటిని పక్కన పెట్టేశాం. ఊరికి సంబంధించినవి కొన్ని మిగిలాయి. సిరిమాను అని ఒకరు రాశారు. అది అమ్మవారిది, మన స్టేజీ డాన్సులకి వాడుకోవడం బాగుండదు అన్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది, ఆ పేరుతో ఎవరు వెతికినా మొత్తం గుడి ఫోటోలే వస్తాయి. మూడు లాంతర్లు అని ఇంకొకరు రాశారు. నాకు చాలా నచ్చింది. కానీ అది సెంటరు పేరు. "మూడు లాంతర్లకి వెళ్తున్నా" అంటే ఫెస్ట్‌కో సెంటరుకో ఇంట్లో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? తప్పెట అని ఒక చీటీ. తప్పెటగుళ్ళు మన ఉత్తరాంధ్ర ఆటే కదా. కానీ ఇంగ్లీషులో టైపు చేయమంటే ఒకరు Tappeta అన్నారు, ఇంకొకరు Thappeta అన్నారు, నలుగురు నాలుగు రకాలుగా రాశారు. పోస్టరు మీద ఒకలా, ఇన్‌స్టాలో ఇంకోలా ఉంటే వెతికేవాడికి దొరకదు.

చివరికి మిగిలింది జముకు. జముకుల కథ ఈ ప్రాంతపు కళ. తోలు బిగించి, దానికి కట్టిన తీగని మీటే వాయిద్యం జముకు. ఇంగ్లీషులో రాస్తే Jamuku, రెండో దారి లేదు.

అప్పుడు పరీక్షలు పెట్టాం. మొదటిది అరుపు. గ్రౌండు గేటు దగ్గర ఓ పాతిక మందిని నిలబెట్టి, అవతల గోడ దగ్గర నేను నిలబడ్డాను. ఒక్కో పేరూ అరవమన్నాను. జెనిత్ అని అరిస్తే చివర నోరు మూసుకుపోతుంది, శబ్దం అక్కడే చచ్చిపోతుంది. తెలుగు అజంత భాష కదా, మాటలు అచ్చుతో ముగుస్తాయి. చివరి అచ్చుని ఊపిరి ఉన్నంత సేపు సాగదీయవచ్చు. మనం ఎవర్నైనా దూరం నుంచి పిలిస్తే చేసేది అదే. జముకూ అని అరిస్తే గోడ దాకా వినిపించింది. దానికి ఇంకో సుగుణం కూడా ఉంది, రెండుసార్లు అంటే చప్పట్లకి సరిపోతుంది. జముకు జముకు అంటుంటే అది పేరులా కాక వాయిద్యం మోగినట్టే ఉంటుంది. ఆ రోజు పిల్లలు బస్సు ఎక్కేదాకా అదే అంటూ వెళ్ళారు.

రెండో పరీక్ష మన వ్యాకరణానిది. పేరుకి కి, లో, నుంచి లాంటి విభక్తులు తగిలించి చూడాలి. మాటలో పేరు ఒంటరిగా ఎప్పుడూ రాదు కదా. "యూఫోరియాకి వస్తున్నావా" అంటే పట్టి పట్టి అనాలి, అందుకే పిల్లలు దాన్ని వదిలేసి ఫెస్ట్‌కి అనేస్తారు. "జముక్కి వస్తున్నావా" అని మాత్రం మేం చెప్పకుండానే అనేశారు. జముకుకి అన్నది వాళ్ళ నోట జముక్కి అయిపోయింది. నా లెక్కలో అప్పుడే సగం పని అయింది.

మూడోది ఎగతాళి పరీక్ష. పేరుని మనవాళ్ళకి చూపిస్తే బాగుందనే అంటారు. కాబట్టి హాస్టల్లో బాగా వెటకారం చేసే నలుగురికి ఇచ్చి, దీన్ని ఎంత వెక్కిరించగలరో వెక్కిరించండి అన్నాం. రాత్రంతా ఆలోచించి వాళ్ళు తెచ్చింది జంకు. జముకూ జంకూ అని. బూతు రాలేదు, కులం రాలేదు, ఎవరి ఇంటి పేరూ తగల్లేదు. ఈ మాత్రం భరించవచ్చు అనుకున్నాం. మా డిజైన్ చేసే అమ్మాయి ఇంకా తెలివైనది. మొదటి పోస్టరు మీద "జంకు లేని జముకు" అని పెద్దక్షరాలతో వేసింది. వెక్కిరించే వాళ్ళకి ఇక పని లేకుండా పోయింది.

అయితే ఒక తప్పు చేశాం. ఆ పోస్టరులో జముకుని కర్రలతో కొడుతున్నట్టు బొమ్మ గీశారు. ఊరి బయట ఉండే ఒక జముకుల కళాకారుడిని ప్రారంభానికి పిలుద్దామని వెళ్ళాం. పోస్టరు చూసి ఆయన నవ్వాడు. "ఏటి బాబూ, ఇది డప్పేటి కొట్టడానికి?" అన్నాడు. మీటి చూపించాడు. ఆ తర్వాత అన్న మాట నాకిప్పటికీ చురుక్కుమంటుంది. "పేరు పెట్టీసుకుంటారు గానీ మమ్మల్ని పిలవరేటి అందరూ" అన్నాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాం, ప్రతి ఏడూ ఫెస్ట్ మొదలయ్యేది జ్యోతి ప్రజ్వలనతో కాదు, జముకు మీటడంతోనే అని. డబ్బిచ్చి, శాలువాతో సరిపెట్టకుండా, అరగంట కథ చెప్పించి.

పేరు పెట్టడంలో మాకు ముందు తోచనిది అదే. యూఫోరియా అంటే చేయడానికి ఏమీ లేదు, అది మంచి మూడ్, అంతే. జముకు అంటే ఒక వస్తువు, ఒక చప్పుడు, దాన్ని మోగించే మనిషి. ఏటా మళ్ళీ చేసే పని ఒకటి పేరులోంచే పుట్టింది. ఫస్టియర్ పిల్లలకి పేరు ఎందుకొచ్చిందో ఎవరూ వివరించనక్కర్లేదు, మొదటి పది నిమిషాల్లో చూసేస్తారు.

ఇక కొత్త కమిటీల సంగతి. రెండో ఏడాదే పేరు మారుద్దామని వచ్చారు. కోపగించుకోలేదు, వాళ్ళ ఆశకి ఏదో చోటు ఇవ్వాలి కదా. పేరు, రాత తీరు ముట్టుకోకూడదు, ఆ ఏటి థీమ్ మాత్రం పూర్తిగా మీ ఇష్టం అన్నాం. ఒక ఏడాది పాత సినిమాలు పెట్టుకున్నారు, ఒక ఏడాది చేనేత. సర్దుకుంది. ఇన్‌స్టా ఖాతా విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. మొదటి ఏడాది ఖాతా పేరులో సంవత్సరం కూడా కలిపేశారు. రెండో ఏడాది కొత్త ఖాతా తెరవాల్సి వచ్చింది, పోగైన వాళ్ళందరూ పాతదాంట్లోనే ఉండిపోయారు. పాస్‌వర్డ్ పెట్టిన కుర్రాడు అప్పటికి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు, వాడిని పట్టుకోవడానికి వారం పట్టింది. ఇప్పుడు ఖాతాలో సంవత్సరం లేదు, పాస్‌వర్డ్ ఆఫీసు రిజిస్టరులో ఉంటుంది. స్పాన్సర్లు తమ పేరు ముందు పెట్టమని అడుగుతూనే ఉంటారు. ఒక నగల దుకాణం వాళ్ళు మంచి మొత్తమే ఇస్తామన్నారు. పోస్టరు కింద ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేస్తాం, జముకు ముందు మాత్రం ఏ మాటా రాదన్నాం. కొంత తగ్గించి ఇచ్చారు.

పేరు నాటుకుందో లేదో ఎలా తెలుస్తుందని ఒక అమ్మాయి అడిగింది. ఫెస్ట్ అన్న మాట రాలిపోయిందా చూడు అన్నాను. తర్వాత దాన్ని క్యాలెండరుగా వాడుతున్నారా చూడు. "ఆ రికార్డు జముకు అయ్యాక రాద్దాం" అని ల్యాబులో ఎవరో అంటుంటే విన్నాను. రికార్డు వాయిదా పడుతోందని లెక్చరర్‌గా నాకు నచ్చకూడదు గానీ, నచ్చింది.

పేరు ఉన్నంత మాత్రాన అన్నీ కుదరవు. మూడో ఏడాది సౌండ్ సిస్టమ్ మధ్యలో ఆగి, భోజనాలు చాలక, జనం తిట్టుకుంటూ వెళ్ళారు. ఆ ఏడు జముకు అంటే కొన్నాళ్ళు ఆకలి అనే అర్థమే ఉండేది. పేరు గుర్తుండటంలో ఇదొక ఇబ్బంది, చెడు కూడా దాంతోపాటే గుర్తుంటుంది. యూఫోరియాలో అన్నం చాలకపోయినా ఎవరికీ గుర్తుండేది కాదు.

మొన్న పూణే నుంచి ఒక పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "మాస్టారూ, జముకు ఏ తేదీలండీ? సెలవు ముందే పెట్టుకోవాలి" అన్నాడు. యూనివర్సిటీ వాళ్ళు పరీక్షల టైంటేబుల్ ఇంకా ఇవ్వలేదు నాయనా, సంక్రాంతి వెళ్ళాక అడుగు అన్నాను.

నమస్కారం.