‘తెలుస్తోంది’ సరే, ఎవరికి?

[తెరపై: తెల్ల కాగితం మీద ఐదు వాక్యాల వార్త. వ్యాఖ్యాత నెమ్మదిగా చదువుతారు.]

“మండల కేంద్రం శివారులో సోమవారం రాత్రి రోడ్డు ప్రమాదం జరిగినట్లు తెలుస్తోంది. లారీ ఢీకొని బైకుపై వెళ్తున్న యువకుడు మృతి చెందినట్లు సమాచారం. లారీ డ్రైవరు మద్యం మత్తులో ఉన్నట్లు తెలుస్తోంది. అతివేగమే ప్రమాదానికి కారణమని భావిస్తున్నారు. డ్రైవరు పరారైనట్లు ఆరోపణలు వినిపిస్తున్నాయి.”

[వ్యాఖ్యాత కెమెరా ముందు]

ఈ కాపీ నేను అల్లిందే. కానీ జిల్లా డెస్కులో ఒక్క వారం కూర్చున్నా ఇలాంటివి పది చేతికొస్తాయి. ఐదు వాక్యాలుంటే ఐదూ గోడ మీద పిల్లులే. ఇలాంటి కాపీ వస్తే సబ్‌ఎడిటర్ చేయాల్సిన మొదటి పని విలేకరికి ఫోన్ చేయడం. ఒక్కో వాక్యం దగ్గర ఒకటే అడగాలి: ఇది నువ్వు చూశావా, నీకెవరైనా చెప్పారా, నువ్వే ఊహించావా?

[తెరపై: మొదటి వాక్యం. ‘తెలుస్తోంది’ కింద ఎర్ర గీత.]

“ఏమయ్యా, నువ్వు అక్కడికి వెళ్లావా?”

“వెళ్లా సార్. ఫొటో కూడా పంపా కదా.”

ఫొటోలో నుజ్జయిన బైకు, పక్కన లారీ కనిపిస్తున్నాయి. ఇక ‘జరిగినట్లు తెలుస్తోంది’ ఏమిటి? జరిగింది. కళ్లారా చూసినదానికి ఈ తోక తగిలిస్తే, మనం ఇంట్లో కూర్చుని రాశామని పాఠకుడు అనుకుంటాడు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మనకు ఈ తేడా బాగానే తెలుసు. “పక్కింటాయన పడ్డాడు” అంటే చూశానని, “పడ్డాడట” అంటే విన్నానని. ఒక్క ‘ట’తో పని అయిపోతుంది. పత్రికలో ‘ట’ రాస్తే వెటకారంగా ఉంటుందని దాని బదులు ‘సమాచారం’, ‘తెలుస్తోంది’ తెచ్చుకున్నాం. తెచ్చుకున్నాక చూసినదానికీ, విన్నదానికీ కలిపి అవే వాడేస్తున్నాం.

[తెరపై: రెండో వాక్యం]

మృతి సంగతి ఎవరు చెప్పారని అడిగితే, ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ అన్నాడు. అయితే ‘సమాచారం’ తీసేసి, “మృతి చెందాడని ఏరియా ఆసుపత్రి డ్యూటీ డాక్టర్ చెప్పారు” అని రాయాలి. అంత మంచి ఆధారం చేతిలో ఉండగా దాన్ని దాచి, ఆ స్థానంలో ఒక మసక మాట పెట్టాడు మనవాడు. ఇతనే కాదు, చాలామంది చేసే తప్పు ఇది. ‘సమాచారం’ అంటే పెద్ద వార్తలా వినిపిస్తుందనుకుంటారు.

[తెరపై: మూడో, ఐదో వాక్యాలు పక్కపక్కన]

ఇక్కడ కాసేపు ఆగుదాం. డ్రైవరు మద్యం మత్తులో ఉన్నాడని ఒక వాక్యం, పరారయ్యాడని ఇంకో వాక్యం. మనిషే దొరకనప్పుడు మత్తులో ఉన్నాడని తేల్చిందెవరు?

“టీ కొట్టాయన చెప్పాడు సార్. లారీ దిగేటప్పుడు తూలాడంట.”

అదీ సంగతి. ఒక మనిషి ఒకటి చూశాడు. డ్రైవరు తూలుతూ దిగాడు. దాని మీద ఆయన ఒక అనుమానం పెట్టుకున్నాడు. ఆ అనుమానం మన విలేకరి చేతిలో ‘తెలుస్తోంది’ అయింది. కళ్ల ముందు మనిషి చనిపోతే, తాగనివాడికైనా కాళ్లు తేలిపోతాయి. చట్టం ప్రకారం మద్యం కేసు కావాలంటే పరీక్ష జరగాలి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ చెప్పే హద్దు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. తూలడానికి కొలత లేదు. కాబట్టి మనం రాయగలిగేది ఇంతే:

[తెరపై] “డ్రైవరు తూలుతూ లారీ దిగాడని పక్కనే టీ కొట్టు నడిపే వ్యక్తి చెప్పారు. డ్రైవరుకు ఇంకా మద్యం పరీక్ష జరగలేదని ఎస్సై తెలిపారు.”

చూశారా, కాపీ మెత్తబడలేదు, గట్టిపడింది. ‘తెలుస్తోంది’ పోయింది. దాని చోట ఇద్దరు మనుషులు వచ్చారు.

ఇప్పుడు ‘పరారైనట్లు ఆరోపణలు’. ఆరోపణ అంటే ఒకరు వేలెత్తి చూపాలి. ఆ ఒకరు ఎవరో చెప్పగలగాలి. అవతలివాణ్ణి కూడా అడగాలి, కాదంటే కాదన్నాడని రాయాలి. ఇక్కడ వేలెత్తిందెవరో లేదు, అవతలివాడు ఏమన్నాడో లేదు. అసలు తెలిసిందల్లా, డ్రైవరు లారీ దగ్గర లేడు. జనం కొడతారని భయపడి నేరుగా స్టేషన్‌కే వెళ్లే డ్రైవర్లు ఉంటారు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చే బాధ్యతను డ్రైవరు మీద పెట్టే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లోనే, జనాగ్రహం వల్ల అది సాధ్యం కాని పరిస్థితికి మినహాయింపు ఉంది. అందుకే ‘పరారీ’ రాసే ముందు స్టేషన్‌కు ఒక ఫోన్ చేయాలి. “రాత్రి 11 గంటల వరకు డ్రైవరు స్టేషన్‌కు రాలేదని ఎస్సై చెప్పారు.” ఇది చాలు.

[తెరపై: నాలుగో వాక్యం]

అతివేగం సంగతి అడిగితే, “మామూలుగా అదే కదా సార్” అన్నాడు. భావిస్తున్నది ఆయన ఒక్కడే. కొట్టేశాం.

[వ్యాఖ్యాత కెమెరా ముందు]

“ఇవన్నీ తీసేస్తే కేసు పడదా సార్?” అని కొత్త విలేకరులు అడుగుతారు. ‘ఆరోపణలు ఉన్నాయి’ అంటే కవచం అనుకుంటారు. కాదు. విన్న మాటను అచ్చు వేయడం కూడా ప్రచురణే. పరువునష్టం 2024 జులై 1కి ముందు ఐపీసీ 499, 500 సెక్షన్లలో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. నింద నేరుగా వేయకుండా వ్యంగ్యంగా వేసినా పరువునష్టం కావచ్చని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే మినహాయింపు ఉంది. కాబట్టి ఫలానా కోర్టులో ఫలానా రోజు ప్రాసిక్యూషన్ ఏమందో రాసిన వాక్యానికి ఒక దన్ను ఉంది. ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’కి అలాంటి దన్ను లేదు. ఎవరికి వినిపిస్తున్నాయని లాయరు అడిగితే చెప్పడానికి పేరుండదు.

హెడ్డింగుల్లో ఇంకో దొంగదారి ఉంది. లోపల ‘నిందితుడు’ అని బుద్ధిగా రాసి, పైన “తాగి చంపేశాడా?” అని ప్రశ్న గుర్తు పెడతారు. ఆ గుర్తును ఎవరూ చదవరు, చంపాడనే చదువుతారు.

మరి అనుమానపు మాట అసలే వద్దా? కావాలి, అనుమానం నిజంగా ఉన్నచోట. బావిలో శవం దొరికింది, పోస్టుమార్టం కాలేదు. అప్పుడు “ఆత్మహత్య చేసుకున్నాడు” అని రాస్తే తప్పు. “ఆత్మహత్య అని పోలీసులు అనుమానిస్తున్నారు, పోస్టుమార్టం నివేదిక రావాల్సి ఉంది” అన్నది సరైన వాక్యం. అనుమానం ఎవరిదో తెలుస్తోంది, ఎప్పుడు తీరుతుందో తెలుస్తోంది. దీన్నే కొందరు ఇలా పొడిగిస్తారు:

[తెరపై] “ఆత్మహత్య చేసుకుని ఉండవచ్చునని అనుమానిస్తున్నట్లు తెలుస్తోంది.”

ఒకే వాక్యంలో మూడు తాళాలు. పోలీసుల అనుమానం మీదే మనకు అనుమానం అన్నట్టు. ఎస్సై నోటితో చెప్పాడా? అయితే మొదటి తాళమూ, మూడోదీ తీసేయండి. చెప్పలేదా? మొత్తం వాక్యం తీసేయండి.

‘కనిపించారు’ కూడా ఇలాంటిదే. “ఎమ్మెల్యే ఆందోళనగా కనిపించారు” కంటే “సమావేశంలో నాలుగుసార్లు లేచి ఫోన్ మాట్లాడారు” రాయండి. ఆందోళనో, పెళ్లి పనులో, పాఠకుడు చూసుకుంటాడు.

[తెరపై: తిరగరాసిన కాపీ, పూర్తిగా]

“మండల కేంద్రం శివారులో సోమవారం రాత్రి లారీ, బైకు ఢీకొన్నాయి. బైకుపై ఉన్న యువకుడు మృతి చెందాడని ఏరియా ఆసుపత్రి డ్యూటీ డాక్టర్ చెప్పారు. డ్రైవరు తూలుతూ లారీ దిగాడని పక్కనే టీ కొట్టు నడిపే వ్యక్తి తెలిపారు. రాత్రి 11 గంటల వరకు డ్రైవరు స్టేషన్‌కు రాలేదని, మద్యం పరీక్ష జరగలేదని, ప్రమాద కారణం ఇంకా తేలలేదని ఎస్సై చెప్పారు.”

పాత కాపీ రెండో వాక్యంలోని ‘లారీ ఢీకొని’ కూడా మారింది, గమనించారా? ఎవరు ఎవరిని గుద్దారో మన విలేకరి చూడలేదు మరి. ఆ చిన్న మాటకు మాత్రం అతను ‘తెలుస్తోంది’ పెట్టలేదు.