మూడు సెకన్ల నిశ్శబ్దం: లొకేషన్ సౌండ్ గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది షార్ట్ ఫిల్ములు, చిన్న బడ్జెట్ సినిమాలు తీస్తున్నవాళ్లని విన్నాను, కాబట్టి సామాన్ల పేర్లు, ధరల జోలికి పోకుండా నేను పనిచేసిన ఒక్క సీను గురించే చెప్తాను.

కోనసీమలో ఒక పాత పెంకుటిల్లు. అరుగు మీద తండ్రీ కూతురూ కూర్చుని మాట్లాడుకునే సీను. డబ్బింగ్ వద్దు, అక్కడ పలికిన మాటలే సినిమాలో ఉండాలని డైరెక్టర్ గారు ముందే అనుకున్నారు. కూతురు ఒక ప్రశ్న అడుగుతుంది, తండ్రి మూడు సెకన్లు ఏమీ మాట్లాడడు, తర్వాత జవాబు చెప్తాడు. సీను మొత్తం ఆ మూడు సెకన్ల మీదే నిలబడింది. నటన అన్నింటికంటే బాగా కుదిరిన టేక్‌లో సరిగ్గా ఆ మౌనంలోనే రోడ్డు మీద ఆటో హారన్ కొట్టింది. ఎడిటింగ్‌లో ఆ హారన్ ముక్క కోసేశాం. కోసిన చోట ఇంకేమీ లేదు కదా, హెడ్‌ఫోన్స్‌లో వింటే చెవిలో ఎవరో దూది కుక్కినట్టు అనిపించింది. గాలి, దూరంగా పిట్టలు, ఊరి సవ్వడి అన్నీ ఒక్కసారిగా ఆగిపోయి మూడు సెకన్ల తర్వాత మళ్లీ మొదలయ్యాయి. సరే, వేరే టేక్ నుంచి ఖాళీ ముక్క తెచ్చి అతికిద్దామంటే, ఆ టేక్ తీసినప్పుడు జనరేటర్ బండి ఇంకో చోట ఉంది, దాని గుయ్యిమనే మోత వేరేగా ఉంది, అతుకు స్పష్టంగా తెలిసిపోయింది. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోటు చేసే శబ్దాన్ని, అంటే రూమ్ టోన్‌ని, ఆ రోజు తీసుకోలేదు. భోజనాలకు బ్రేక్ చెప్పారు, అందరూ లేచిపోయారు, నేనూ గట్టిగా అడగలేదు. ఆ తప్పు నాదే, చివరికి ఆ సీనుకి డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది.

ఇక ఆ లొకేషన్‌లో ఉన్న శబ్దాలన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం, ముందు గాలి.

గాలి వల్ల మనకు రెండు రకాల శబ్దాలు వస్తాయి, ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది ఇబ్బంది పడతారు. మొదటిది, గాలి నేరుగా మైక్‌కి తగిలి లోపలి పల్చటి పొరను కుదిపేయడం. హెడ్‌ఫోన్స్‌లో గుబగుబమని వినిపిస్తుంది, ఎవరూ మాట్లాడకపోయినా మీటర్ లేచి పడుతూ ఉంటుంది. రెండోది, గాలికి కొబ్బరి మట్టలు కదిలి చేసే గలగల. అది నిజంగా ఆ చోట ఉన్న శబ్దం, మైక్‌కి ఎన్ని తొడుగులు వేసినా పోదు. పైగా కొబ్బరాకుల శబ్దం మైక్‌లో అచ్చం వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. కోస్తాలో ఎండెక్కాక సముద్రం మీది నుంచి గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. అందుకే అక్కడ మెల్లగా మాట్లాడుకునే సీన్లను పొద్దున్నే పెట్టమని షెడ్యూల్ వేసేటప్పుడే అడుగుతాను, షూటింగ్ రోజున అడిగితే ఎవరూ చేయగలిగింది ఏమీ ఉండదు.

మైక్‌తో పాటు వచ్చే నల్లటి ఫోమ్ తొడుగు గదిలో మైక్ కట్టిన బూమ్ కర్ర అటూ ఇటూ తిప్పినప్పుడు వచ్చే గాలికి సరిపోతుంది, ఆరుబయట చాలదు. బయట కావాల్సింది బ్లింప్, అంటే మైక్ చుట్టూ బుట్టలా ఉండే గొట్టం. మైక్‌కీ ఆ గొట్టం గోడకీ మధ్య కదలని గాలి కొంత నిలిచి ఉంటుంది, అసలు రక్షణ దానిదే. గాలి ఇంకా ఎక్కువైతే ఆ బుట్ట మీద పొడవాటి బొచ్చు తొడుగు వేస్తాం. ఆ బొచ్చు వెంట్రుకలు విడివిడిగా నిలబడి ఉంటేనే గాలి వేగాన్ని విరగ్గొడతాయి, తడిసి అంటుకుపోతే ప్రయోజనం ఉండదు, అందుకే రోజూ సాయంత్రం దువ్వి ఆరబెడతాం. బొచ్చు వల్ల మాటలోని సన్నటి పదును కాస్త తగ్గుతుంది, కాబట్టి గాలి లేనప్పుడు తీసేయండి.

మోటు శబ్దాలను కోసే లో కట్ ఫిల్టర్ ఉంది కదా, అది నొక్కితే గాలి గుబగుబ పోదా అని అడుగుతారు. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ పెడితే కొంత తగ్గుతుంది, నిజమే. కానీ గాలి దెబ్బకి మైక్ లోపలే సిగ్నల్ పగిలిపోతే తర్వాత ఏ ఫిల్టరూ దాన్ని బాగు చేయలేదు, పెద్ద శబ్దాలకు కూడా పగలని 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ కూడా బాగు చేయలేదు, ఎందుకంటే పగిలింది రికార్డర్‌లో కాదు. అలాంటి చోట బట్టల లోపల పెట్టే చిన్న కాలర్ మైక్ ఆదుకుంటుంది. అవి ఎక్కువగా అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకునే రకం, ఆ రకం మైకులకు గాలి దెబ్బ తక్కువ తగులుతుంది. ఆ అరుగు సీనులో తండ్రి పాత్రకు కండువా మడత కింద పెట్టాం, గాలికి బాగానే తట్టుకుంది, కానీ కండువా సర్దుకున్నప్పుడల్లా బట్ట రాపిడి వినపడేది, రెండు టేకుల తర్వాత ఆయనకే చెప్పి ఆ అలవాటు మాన్పించాం.

ఇప్పుడు జనరేటర్. అక్కడ అది పశువుల పాక వెనక, మాకు దాదాపు 30 మీటర్ల దూరంలో ఉంది. సైలెంట్ జనరేటర్ అని ప్రొడక్షన్ వాళ్లు చెప్పారు, రోడ్డు మీద నిలబడి వింటే అలాగే అనిపిస్తుంది. మైక్‌కి మాత్రం అది సైలెంట్ కాదు. లెక్క చూడండి. సినిమా జనరేటర్ ఇంజన్ సాధారణంగా నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకి 25 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లదైతే చుట్టుకి రెండుసార్లు చొప్పున సెకనుకి 50 సార్లు పేలుతుంది. దాని మోత 50 హెర్ట్జ్ దగ్గర మొదలై 100, 150 అంటూ పైకి పోతుంది. మగవాళ్ల గొంతులో అడుగు స్వరం కూడా 100 నుంచి 150 ప్రాంతంలోనే ఉంటుంది. తర్వాత మిక్సింగ్‌లో ఆ మోతని కోసేద్దామంటే తండ్రి గొంతులోని బరువు కూడా దాంతో పాటే పోతుంది. షాట్‌గన్ మైక్ వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోదని నమ్మకం పెట్టుకోవద్దు, ఆ పొడవాటి గొట్టం సన్నటి శబ్దాలనే బాగా ఆపుతుంది, ఇలాంటి మోటు శబ్దాల దగ్గర దాని బలం తగ్గిపోతుంది.

కాబట్టి బండినే జరపాలి. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపు చేసిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 30 మీటర్ల నుంచి 120కి జరిపితే 12 డెసిబెల్స్, చెవికి చాలా పెద్ద తేడా. ఇటుక గోడ చాటున, గోడకి దగ్గరగా పెట్టి, పొగ గొట్టం అవతలి వైపుకి తిప్పించండి. గాలి సెట్ మీది నుంచి జనరేటర్ వైపుకి వీచే దిక్కు చూసుకోండి, ఎదురు గాలిలో శబ్దం పైకి వంగిపోయి మన దాకా తక్కువ వస్తుంది. ఇదంతా ముందు రోజే లైట్‌మెన్‌తో మాట్లాడుకోవాలి, 100 మీటర్ల పైన లాగాలంటే లావు కేబుల్ కావాలి, సన్నది లాగితే చివర వోల్టేజ్ పడిపోయి లైట్లకి ఇబ్బంది అవుతుంది. చిన్న యూనిట్ అయితే మెల్లగా మాట్లాడే సీనుకి బ్యాటరీ మీద నడిచే ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుని జనరేటర్ ఆపేయమనడం ఇంకా తేలిక.

ఇంకో మాట, దీన్ని మీరు మర్చిపోవద్దు. బూమ్ మైక్ నోటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాన్ని 30కి దింపండి, మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వెనకాల మోత ఉన్నంతే ఉంటుంది. జనరేటర్‌ని రెట్టింపు దూరం లాగితే వచ్చేంత లాభం చేతిని ఒక్క అడుగు దింపితే వస్తుంది. అందుకే ఫ్రేమ్ అంచు ఎక్కడుందో ప్రతి షాట్‌కీ కెమెరామన్‌ని అడిగి, ఆ అంచుకి ఆనుకునేంత దగ్గరగా బూమ్ పట్టుకోమంటాను.

ట్రాఫిక్ మాత్రం జనరేటర్ లాంటిది కాదు. జనరేటర్ ఒకేలా మోగుతుంది, ట్రాఫిక్ సెకను సెకనుకీ మారుతుంది. ఒక షాట్‌లో లారీ వస్తూ ఉంటుంది, ఎదురు షాట్‌కి కట్ చేయగానే అది మాయమైపోతుంది, చూసేవాళ్లకి కట్ కంటే ముందు అదే తెలుస్తుంది. రోడ్డు ఎటు ఉందో చూసుకుని మైక్ వీపు అటు ఉండేలా, పై నుంచి కిందికి చూసేలా పట్టుకోవాలి. వైడ్ షాట్లు రద్దీలో తీసినా పర్వాలేదు, దగ్గరి షాట్లు రద్దీ లేనప్పుడు తీయండి. రాత్రి అయితే నిశ్శబ్దంగా ఉంటుందని కూడా గుడ్డిగా అనుకోవద్దు, నేల చల్లబడి పైన వెచ్చటి గాలి పొర ఏర్పడిన రాత్రుల్లో శబ్దం కిందికి వంగి, పగలు వినపడని హైవే కూడా వినిపిస్తుంది. రెక్కీకి వెళ్తే మీరు ఏ గంటకి షూట్ చేస్తారో ఆ గంటకే వెళ్లి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

మంచి టేక్ మీద హారన్ పడితే అప్పటికప్పుడే, కెమెరా లేకుండా, నటులు అదే చోట కూర్చుని ఉండగానే ఆ డైలాగులు మళ్లీ చెప్పించండి. దీన్ని వైల్డ్ ట్రాక్ అంటాం. గొంతులో ఆ తడి ఇంకా ఉంటుంది, వేగం ఇంచుమించు అదే ఉంటుంది, పెదాలకి చాలావరకు కూర్చుంటుంది. అరగంట ఆగి అడిగితే రాదు.

ఇక నేను ఆ రోజు తీసుకోని రూమ్ టోన్. ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా ఉన్నప్పుడు ఆ చోటు చేసే శబ్దమే రూమ్ టోన్. షాట్ ఓకే అన్న వెంటనే, ఎవరూ లేవకముందే తీయాలి. అదే మైక్, అదే చోట, అదే గెయిన్, అవే లైట్లు, అదే మనుషులు. మనుషులు ఎందుకంటే గదిలో ఇరవై మంది ఉంటే వాళ్ల ఒళ్లూ బట్టలూ కూడా ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి, వాళ్లు బయటికి వెళ్తే గది మారిపోతుంది. ఒక నిమిషం తీయండి. పది సెకన్లే తీసి దాన్నే తిప్పి తిప్పి వేస్తే, అందులో ఒక కాకి అరిచి ఉంటే ప్రతి పది సెకన్లకీ అదే కాకి అరుస్తుంది. కెమెరా యాంగిల్ మారి మైక్ దిశ మారితే మళ్లీ తీయాలి, పొద్దుకీ సాయంత్రానికీ కూడా మళ్లీ తీయాలి, చీకటి పడితే కీచురాళ్లు మొదలవుతాయి కదా.

ఇళ్లలో తీసేటప్పుడు ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు ముందే ఆపించాలి. సగం టేకుల్లో ఫ్రిజ్ మోగి సగంలో ఆగితే ఏ టోనూ కలవదు. ఫ్రిజ్ ఆపినప్పుడు నా బండి తాళం అందులో పెడతాను, మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి వెళ్లలేను, ఆ ఇంటివాళ్ల పాలు విరిగిపోవు.

ఆ తర్వాత ఏడాది అదే డైరెక్టర్ గారితో ఇంకో సినిమా చేశాను. మొదటి రోజే అసిస్టెంట్ డైరెక్టర్‌తో ఒక ఒప్పందం చేసుకున్నాను, సెటప్ మారే ముందు ఆయనే "అందరూ ఉన్నచోటే ఉండండి, రూమ్ టోన్" అని అరవాలి, బ్రేక్ అన్న మాట ఆ తర్వాతే రావాలి. ఆ సినిమాలో ఒక వంటింటి సీనులో తల్లి మాట ఆపిన చోట పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది. ఎడిటర్ ఆ విజిల్ కోసేసి, ఆ నిమిషం టోన్‌లోంచి రెండు సెకన్లు తీసుకుని, రెండు చివర్లా చిన్న ఫేడ్ ఇచ్చి అతికారు. నన్ను పిలిచి అతుకు ఎక్కడుందో చెప్పమన్నారు. మూడుసార్లు విన్నాను, చెప్పలేకపోయాను.