ఫొటో స్పష్టంగా లేదు, ఇంకొకటి తీయండి

నిర్వాహకురాలు: నమస్కారం. వానలు మొదలైనప్పటి నుంచి నాకు కూడా బంధువుల దగ్గర నుంచి పాముల ఫొటోలు వస్తున్నాయి. అందరూ అడిగేది ఒకటే: "ఇది ఏ పాము? విషం ఉందా?" ఇవాళ మనతో మాట్లాడుతున్న అన్నగారు పదిహేనేళ్లుగా ఇళ్లలో దూరిన పాములను పట్టి, అటవీ శాఖకు తెలియజేసి వదిలిపెడుతున్నారు. అన్నగారూ, అలాంటి ఫొటో వస్తే మీరు మొదట ఏం చూస్తారు?

అతిథి: పామును కాదమ్మా, నేలను చూస్తాను.

నిర్వాహకురాలు: నేలనా?

అతిథి: అవును. ఫొటో తీసిన మనిషికీ పాముకీ మధ్య ఎంత నేల ఉందో చూస్తాను. మన ఇళ్లలో హాలుకు ఎక్కువగా రెండడుగుల టైల్స్ వేస్తారు కదా, వాటిని లెక్కపెడితే దూరం తెలిసిపోతుంది. పోయిన వానాకాలంలో ఒక రాత్రి పది గంటల ప్రాంతంలో ఒకాయన నాకు మూడు ఫొటోలు పంపారు. మొదటి దానిలో ఆయన కాళ్లకూ పాముకూ మధ్య ఐదు టైల్స్ ఉన్నాయి, అంటే పది అడుగులు. రెండో దానిలో మూడు. మూడో ఫొటోలో ఒక్కటే. పాము కదిలింది కొద్దిగానే. దగ్గరికి వెళ్లింది మనిషి.

నిర్వాహకురాలు: ఎందుకు వెళ్లారు?

అతిథి: వెళ్లమని మనవాళ్లే చెప్పారు. మొదటి ఫొటోను ఆయన ముందు తమ కుటుంబం వాళ్ల గ్రూపులో పెట్టారు. "సరిగ్గా కనబడడం లేదు, ఇంకొకటి తీయండి" అని ఒకరు, "తల దగ్గర తీయండి" అని మరొకరు రాశారు. వాళ్లు మంచి మనసుతోనే అడిగారు, కానీ ఆ మాట ఆయనను పాము వైపు నాలుగు టైల్స్ దూరం నడిపించింది. అందుకే స్పష్టమైన ఫొటో కావాలని నేను ఎవరినీ అడగను. ఎవరైనా అడుగుతుంటే చూస్తూ ఊరుకోలేను కూడా.

ఇంకొక సంగతి ఉంది. ఫోను తెరలో పాము అసలు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. ఆ కెమెరా ఎక్కువ చోటును ఒక్క చట్రంలో పట్టిస్తుంది కాబట్టి అందులోని వస్తువు చిన్నదవుతుంది. మనం తెరనే చూస్తూ నడుస్తాం, కాళ్లు ఎక్కడికి చేరాయో గమనించం. పాము సాధారణంగా తన పొడవులో సగం లోపు దూరాన్నే ఒక్కసారిగా అందుకోగలదు. నాలుగడుగుల పాముకు రెండడుగులు. ఆ ఒక్క టైలు దూరం సరిగ్గా అంతే.

నిర్వాహకురాలు: మీకు ఆ ఫొటోలు చేరేసరికి ఆయన ఒక్క టైలు దూరంలో ఉన్నారు. మీరు ఏమని జవాబు రాశారు?

అతిథి: రాయలేదు, వెంటనే ఫోను చేశాను. "ఏ పాము అండీ ఇది?" అని ఆయన మొదలుపెట్టారు. "ముందు ఐదు అడుగులు వెనక్కి జరగండి, ఫొటోలు ఆపేయండి" అన్నాను. ఆయన వెనక్కి నడుస్తుంటే అడిగాను, పిల్లలు ఎక్కడ ఉన్నారు అని. పక్క గదిలో నేల మీద పరుపు వేసి పడుకోబెట్టారట. ఆ గదికీ పాము ఉన్న చెప్పుల స్టాండుకూ మధ్య ఉన్నది ఒక్క తలుపు, దాని కింద అరంగుళం సందు. నాకు ఆ సందే కనబడసాగింది.

నిర్వాహకురాలు: అప్పుడు మీరు చెప్పింది వరుసగా చెప్పండి.

అతిథి: ముందు పిల్లలను లేపి మంచం ఎక్కించమన్నాను, కాళ్లు కిందికి వేలాడకుండా. ఆ గది తలుపు మూసి, లోపలి వైపు నుంచి పాత దుప్పటిని చుట్టలా చుట్టి కింది సందులో గట్టిగా కుక్కమన్నాను. వంటింటి తలుపుకు కూడా అలాగే. హాల్లో లైట్లన్నీ వేయించాను. వీధి గుమ్మం మాత్రం తెరిచి ఉంచమన్నాను, బయటికి పోదలచుకుంటే దానికి దారి ఉండాలి కదా. కుక్క ఉంటే కట్టేయమన్నాను. ఇక ఆయన ఒక్కరే, చెప్పులు వేసుకుని, పది అడుగుల అవతల నిలబడి పాము ఎటు వెళుతుందో చూస్తూ ఉండాలి. అంతే, ఏమీ చేయకూడదు. నాకు ఫొటోకంటే వెయ్యిరెట్లు ఉపయోగపడేది ఆ కాపలా. పాము ఎక్కడుందో తెలిస్తే నా పని పది నిమిషాలు. కళ్లు తప్పిందంటే ఆ ఇల్లంతా వెతకాలి, ఆ రాత్రి వాళ్లకు నిద్ర ఉండదు.

నిర్వాహకురాలు: చాలామంది ఫినాయిల్ పోస్తారు, కిరసనాయిలు చల్లుతారు.

అతిథి: ఆయన భార్య ఫినాయిల్ సీసా తెచ్చారు కూడా. వద్దన్నాను. కదలకుండా ఉన్న పాము మీద అలాంటిది పడితే అది ఏ వైపు పరుగెత్తుతుందో ఎవరూ చెప్పలేరు. కర్ర సంగతి మరీ అన్యాయం. కొట్టబోయినవాళ్లు కాటు తిన్న ఇళ్లు నేను చూశాను. పాము చచ్చిపోయినా, తల తెగి పడినా, కొంతసేపటి వరకు ఆ తల కాటు వేయగలదు. చచ్చిన పామును చేతిలో పట్టుకుని ఫొటో దిగేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

నిర్వాహకురాలు: ఇంతకూ గ్రూపులో వాళ్లు ఏ పాము అన్నారు?

అతిథి: చెబుతాను, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మొదటి ఫొటోలో పాము ముందు భాగం మాత్రమే కనిపిస్తోంది, మిగతాది చెప్పుల వెనుక ఉంది. నల్లగా, నున్నగా ఉంది, తెల్ల గీతలు లేవు. "కట్లపాముకు తెల్ల కట్లుంటాయి, దీనికి లేవు, ఇది జెర్రిపోతు పిల్ల, ఏమీ చేయదు" అని ఒక పెద్దాయన నమ్మకంగా చెప్పారు. ఆ మాట విన్నాకే ఇంటాయన చేతిలో చీపురు పట్టుకుని దగ్గరికి వెళ్లారు, తోసేద్దామని.

కానీ కట్లపాముకు తెల్ల గీతలు చాలాసార్లు మెడ దగ్గర మొదలు కావు. తల నుంచి కొంత దూరం వరకు నల్లగానే ఉండి, ఆ తర్వాత జంటలు జంటలుగా వచ్చి తోక వైపు స్పష్టమవుతాయి. కొన్నింటికి గీతలు దాదాపు కనబడనే కనబడవు. దీనికి తిరగేసినట్టు, అచ్చం కట్లపాములా కనిపించే విషం లేని చిన్న పాము ఒకటి ఇళ్లలో తరచుగా తిరుగుతుంది. దానికి గీతలు మెడ దగ్గరే బాగా కనిపించి, తోకకు పోయేకొద్దీ మాసిపోతాయి. సగం పాము కనిపించే ఫొటోలో, రాత్రి ఫ్లాష్ వెలుగులో, ఈ తేడా చెప్పగలనని నేనైతే అనను. "విషం లేదు" అన్న మాట తప్పయితే దాని మూల్యం చెల్లించేది ఆ గదిలో నిలబడిన మనిషి.

నిర్వాహకురాలు: కాటు పడితే మాత్రం ఏ పామో తెలియాలి కదా? డాక్టరు అదే అడుగుతారని అందరూ అంటారు.

అతిథి: అలా అనుకునే చాలామంది పామును వెతుకుతూ సమయం పోగొట్టుకుంటారు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి చేసినది. ఆ విషాలను కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. నాలుగింటిలో ఏది కరిచినా ఎక్కించేది అదే మందు కాబట్టి డాక్టరు పామును కాదు, మనిషిని చూస్తారు. కొద్దిగా రక్తం తీసి, కొత్త గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదల్చకుండా ఉంచుతారు. ఆ తర్వాత వంచి చూస్తే రక్తం ఇంకా నీళ్లలా జారితే అది పింజర విషం పని. కనురెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగడం కష్టమవుతుంటే చాలావరకు నాగుపాము గానీ కట్లపాము గానీ అయి ఉంటుంది.

దీనికి ఒక హద్దు ఉంది, అది కూడా చెప్పాలి. ఉత్తరాంధ్ర కొండల్లో గిరినాగు, అంటే కింగ్ కోబ్రా, ఉంటుంది. ఈ మందు దాని విషానికి తగినది కాదు. అక్కడ చూసిన పాము చాలా పెద్దదని, పడగ విప్పి మనిషి నడుము ఎత్తున లేచిందని చెబితే డాక్టరుకు ఉపయోగమే. ఆ మాట చెప్పడానికి ఫొటో అక్కర్లేదు, పాము వెంట పడనక్కర్లేదు.

నిర్వాహకురాలు: కాటు పడిన వెంటనే ఇంట్లో వాళ్లు చేయవలసింది?

అతిథి: 108కు ఫోను చేయాలి, లేదా ఉన్న బండి మీద పెద్ద ఆసుపత్రికి బయలుదేరాలి. ఉంగరాలు, గాజులు, కాలి మెట్టెలు తీసేయాలి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ చేతికో కాలికో చెక్క ఆసరా పెట్టి కదలకుండా ఉంచాలి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాటు పడిన సమయం గుర్తుపెట్టుకోవాలి.

కట్లపాము విషయంలో మాత్రం ఇంకొంచెం జాగ్రత్త. అది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, ఇంట్లో వాళ్లు అజీర్ణం అనుకుంటారు. రాత్రి ఇంట్లో పాము కనబడి, పొద్దున ఎవరికైనా కడుపునొప్పి, గొంతు పట్టేయడం, రెప్పలు బరువెక్కడం ఉంటే గాటు కోసం వెతకవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నిర్వాహకురాలు: పాము కాకుండా తేలో, జెర్రో, ఎప్పుడూ చూడని పురుగో అయితే?

అతిథి: వరుస మారదు. పిల్లలు, తలుపులు, దూరం, కాపలా. తర్వాతే పేరు. అప్పుడు ఫొటో పంపండి, తప్పకుండా పంపండి. నిలబడిన చోటి నుంచే జూమ్ చేసి ఒక్కటి తీయండి, మసకగా ఉన్నా పరవాలేదు. పక్కనున్న టైలుతో పోలిస్తే ఎంత పొడవుందో, ఏ ఊరో, ఇప్పుడు ఎక్కడుందో రాయండి.

నిర్వాహకురాలు: ఆ రాత్రి మీరు వెళ్లేసరికి?

అతిథి: నలభై నిమిషాలు పట్టింది. ఆయన అక్కడే, పది అడుగుల అవతల నిలబడి ఉన్నారు. "అటు వెళ్లింది" అని వేలు చూపించారు. స్టాండు కింది అరలో రెండో తరగతి పిల్లాడి బడి బూట్లు ఉన్నాయి. అది ఎడమ బూటులో చుట్టుకుని ఉంది. కొక్కెం కర్రతో బూటును నెమ్మదిగా సంచి నోటికి చేర్చాను. లోపలికి జారుతున్నప్పుడు వెనుక సగం మీద తెల్ల గీతలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. కట్లపామే, దాదాపు మూడడుగులు ఉంటుంది. మర్నాడు ఆయన ఫోను చేసి, వీధి గుమ్మం కింద రబ్బరు పట్టీ ఎంత వెడల్పుది వేయించాలని అడిగారు. నేలకు ఆనేదాకా అన్నాను.