మొదటి చీటీలో ఏం రాశారు?

శ్రోతలకు నమస్కారం. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు పనిలో దెబ్బ తగిలితే వచ్చే డబ్బు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. మా పక్కింటి కుర్రాడి సంగతి చెబితే చాలావరకు అర్థమైపోతుంది.

వాడు జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్రెస్ మెషిన్ మీద పనిచేసేవాడు. చేరి నెల కూడా కాలేదు. ఒకరోజు ఎడమచేతి చూపుడువేలు మెషిన్‌లో పడి మొదలంటా పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తూ సూపర్‌వైజర్ చెవిలో ఊదాడు: "ఇంట్లో తలుపు సందులో పడి నలిగిందని చెప్పు. ఖర్చులు మేం చూసుకుంటాంలే."

నొప్పిలో వాడు సరేనన్నాడు. వాళ్లమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "మెషిన్‌లో పడితే మెషిన్‌లో పడిందనే రాయండి" అని క్యాజువాలిటీలో పట్టుబట్టింది. నా లెక్కలో ఆవిడ వకీలు కంటే ఎక్కువ పని చేసింది.

ఎందుకంటే "ఇంట్లో" అని రాస్తే అది మామూలు జబ్బు కింద పోతుంది. దానికి ముందుగా కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి, మొదటి రెండు రోజులకు డబ్బు రాదు, వచ్చేది జీతంలో 70 శాతమే. "పనిలో" అని రాస్తే 90 శాతం. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. ఒకటే మెలిక: ప్రమాదం జరిగిన రోజును వదిలేసి, కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉండాలి. ఉంటే ఆ మూడు రోజులకూ డబ్బు ఇస్తారు.

వాడి రోజు జీతం సగటున 600. ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్లు ఇచ్చినన్నాళ్లూ రోజుకు 540 వచ్చింది. గాయం మానింది. వేలు మాత్రం రాదు కదా! అప్పుడు మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. దీనికి ఏడాది గడువుంది, చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు.

బోర్డు చూసేది నొప్పి ఎంతని కాదు, సంపాదించే శక్తి ఎంత తగ్గిందని. రెండు చేతులూ పోతే, రెండు కళ్లూ పోతే పూర్తి వైకల్యం, నూటికి నూరు. అంటే ఆ 540 మొత్తం. చూపుడువేలు మూడు కణుపులూ పోతే చట్టంలో 14 శాతమని రాసి ఉంది. కుడిచేయా, ఎడమచేయా అన్న తేడా లేదు. 540లో 14 శాతం, రోజుకు 75 రూపాయల 60 పైసలు. నెలకు సుమారు 2,270.

తక్కువే అనిపిస్తుంది. కానీ అది బతికినంత కాలం వస్తుంది. పాక్షిక వైకల్యమే కాబట్టి వాడు మళ్లీ పనిలో చేరాడు, జీతం తీసుకుంటున్నాడు. ఈ డబ్బూ వస్తోంది. ఉద్యోగం చేస్తే ఇది ఆగిపోతుందనుకుని అసలు అడగనివాళ్లున్నారు. ఆగదండీ, ఆగదు.

ఆ క్యాజువాలిటీ చీటీ ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో, వాళ్లమ్మ బీరువాలో చీరల కింద ఉంది.