వాయిస్ నోట్ పంపేముందు: అడగబోయి ముద్దు దాకా వెళ్లకుండా

[తెరపై: 我想问你一件事
wǒ xiǎng wèn nǐ yí jiàn shì]

"నిన్నొక సంగతి అడగాలనుకుంటున్నా." చైనీస్‌లో ఇంత చిన్న వాక్యం. చెంగ్డూలో ఉండే నా లాంగ్వేజ్ పార్ట్‌నర్‌కి వాయిస్ నోట్‌గా పంపాను. పైగా "వో శ్యాంగ్ వెన్ నీ" అన్నాక తర్వాతి మాట గుర్తురాక కాసేపు ఆగాను. అటునుంచి వరసగా నవ్వుల ఎమోజీలు!

చైనీస్‌లో గొంతు ఎక్కి దిగే తీరు, అంటే టోన్, మారితే మాట అర్థమే మారిపోతుంది. నాలుగో టోన్‌లో, గొంతు పైనుంచి కిందికి దించి "వెన్" అంటే అడగడం. ముద్దు పెట్టడం కూడా "వెన్"నే, కాకపోతే మూడో టోన్. విడిగా అంటే గొంతు కిందికి దిగి లేస్తుంది. కానీ మూడో టోన్లు రెండు పక్కపక్కన పడితే మొదటిది పైకి లేస్తుంది. "నీ" కూడా మూడో టోనే. అంటే "వెన్ నీ"లో "వెన్"ని పైకి లేపితే ముద్దే. అడిగేటప్పుడు గొంతు లేపే మన అలవాటుకి నేను అక్కడే దొరికిపోయాను.

అందుకే ఒక్కో పదం విని అతికిస్తే కుదరదు. ఉచ్చారణలు వినిపించే ఫోర్వో సైట్‌లో "వో" ఒక్కటే వింటే కిందికి దిగి లేస్తుంది. ఈ వాక్యంలో మరో మూడో టోన్ "శ్యాంగ్" పక్కన ఉంటే నేరుగా పైకే పోతుంది. కాబట్టి వాక్యంగా పలికిన రికార్డింగే కావాలి. పాఠ్యపుస్తకం ఆడియోలో వెతకండి, లేదా పార్ట్‌నర్ పాత వాయిస్ నోట్లలో "వో శ్యాంగ్ వెన్ నీ" ఉందేమో చూడండి.

[తెరపై: ఆడాసిటీలో Change Tempo, -25]

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఆ నాలుగు అక్షరాల ముక్కే కట్ చేసి, వేగం పాతిక శాతం తగ్గించండి. శ్రుతి మారకుండా వేగమే తగ్గాలి. పాత టేప్‌రికార్డర్ సాగినట్టు గొంతు బొంగురుపోతే తప్పు ఎఫెక్ట్ నొక్కినట్టే. సగం కన్నా తగ్గించకండి, నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది, టోన్ ఎక్కడ విరిగిందో తెలీదు.

ఇప్పుడు మాటలు వదిలేసి రాగం మాత్రం "ఊఁ" అంటూ తీయండి. పైకి, కింద, పైనుంచి జారి, మళ్లీ కింద. "వెన్" దగ్గర జారుడు వినిపించేదాకా మాటల జోలికి పోవద్దు.

[తెరపై: ఒకే ఫైల్‌లో వారి గొంతు, వెంటనే నాది]

మీ గొంతు రికార్డ్ చేసేది మాత్రం మామూలు వేగంలోనే. నెమ్మదిగా విన్నాం కదా అని నెమ్మదిగా పలికితే, ప్రతి అక్షరం విడిపోయి "వో" మళ్లీ దిగి లేస్తుంది, వాక్యంలో వచ్చిన మార్పు పోతుంది. నాకిది తెలియడానికి చాలా రోజులు పట్టింది. నెమ్మది వినడానికే.

రెండూ వెంటవెంటనే వినండి. నా మూడో టేక్‌లో "వెన్" దిగింది గానీ "నీ" పైకి లేచి ప్రశ్నలా మోగింది. "నీ"ని కిందే ఉంచి, ఆగకుండా "యీ జ్యెన్ షి" దాకా వెళ్లాక పంపాను.

ఈసారి వచ్చిన జవాబు: "అడుగు."