లేట్ అని రాసినవన్నీ లేట్ గురించి కావు

అందరికీ నమస్కారం.

ఈరోజు నేను చెప్పబోయేది ఒక్క ఎక్సెల్ షీట్ కథ. గోదావరి జిల్లాల్లో మూడు వర్క్‌షాపులున్న ఒక టూవీలర్ డీలర్ దగ్గరి సంగతి. పేరు చెప్పను. లెక్కలు, కామెంట్ల మాటలు కూడా వాళ్లని గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను. బండి సర్వీస్ అయ్యాక మరుసటి రోజు కస్టమర్‌కి మెసేజ్‌లో ఒక లింకు వెళ్తుంది. పదికి ఎన్ని మార్కులిస్తారు అని ఒక ప్రశ్న, కింద "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా" అని ఖాళీ గడి. ఆ గడిలో మూడు నెలల పాటు పడిన మాటలన్నీ నా ముందు పెట్టి సర్వీస్ హెడ్ గారు, "సోమవారం మీటింగ్ ఉందండీ, జనం ఏమంటున్నారో ఒక్క పేజీలో కావాలి" అన్నారు.

గడిలో ఏదో ఒకటి రాసి పంపినవి 412. అందులో "ఓకే", "గుడ్", ఒట్టి చుక్క, ఒకే మనిషి రెండుసార్లు పంపినవి తీసేస్తే 318 మిగిలాయి. తీసేసినవాటిని పారేయలేదు, పక్క షీట్‌లో ఉంచాను. "గుడ్" అన్నవాళ్లు ఎంతమంది అని ఎవరో ఒకరు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు.

ఇప్పుడు ఒక కామెంట్ చదువుతాను. "5కి ఇస్తామన్నారు, 8 అయింది. మూడుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. పని మాత్రం బాగా చేశారు." ఇది మంచి కామెంటా, చెడ్డదా? మొత్తంగా ఒకే గుర్తు పెట్టాలంటే రెండూ తప్పే. అందుకే ముందు కామెంట్‌ని ముక్కలు చేయాలి. ఇక్కడ రెండు ముక్కలు. ఒకటి ఆలస్యం కింద మైనస్, రెండోది పని నాణ్యత కింద ప్లస్. ఎక్సెల్‌లో ఒక్కో ముక్కకి ఒక్కో వరస, పక్కనే, బండి తీసుకునేటప్పుడు పని వివరాలు రాసే జాబ్ కార్డ్ నంబరు. అలా 318 కామెంట్లు 447 ముక్కలయ్యాయి. ఇక ఆ తర్వాత లెక్క చెప్పినప్పుడల్లా "ఇన్ని ముక్కలు" అంటున్నామా, "ఇంతమంది మనుషులు" అంటున్నామా అన్నది నోరు జారకుండా చూసుకోవాలి. ఒకే పెద్దమనిషి బిల్లు గురించి నాలుగు వాక్యాలు రాస్తే అది నలుగురి కోపం కాదు.

ఆ కామెంట్ రాసిన ఆయన ఇచ్చిన మార్కులెన్నో తెలుసా? పదికి తొమ్మిది. బండి అప్పగించేటప్పుడు సర్వీస్ అడ్వైజర్ "సార్, తొమ్మిదో పదో ఇవ్వండి సార్, తగ్గితే మా ఇన్సెంటివ్ పోతుంది" అని బతిమాలతాడు. మనవాళ్లు కుర్రాడి మీద జాలితో మార్కులు వేస్తారు, మనసులో ఉన్నది కింద గడిలో రాస్తారు. అందుకని మార్కులు చూసి కామెంట్ మంచిదో చెడ్డదో తేల్చొద్దు. ఇక్కడ గడిదే నిజం.

ఒక మాట మంచిగా ఉందా చెడ్డగా ఉందా అన్నదాన్నే ఇంగ్లీషులో సెంటిమెంట్ అంటారు. మనకి సెంటిమెంట్ అంటే మంగళవారం బండి కొనకపోవడం, కాబట్టి నేను ధోరణి అంటాను. ప్లస్, మైనస్, రెండూ కానిది, అంతే. ఐదు స్థాయిలు పెడితే "చాలా కోపం", "కొంచెం కోపం" మధ్య గీత ఎక్కడ గీయాలో నాకే రోజుకొక రకంగా అనిపించింది.

ధోరణి దగ్గర తెలుగు మనల్ని బాగా పరీక్షిస్తుంది. "బాగుంది" ప్లస్. "బాగానే ఉంది" అంటే? ఆ "నే" వచ్చి చేరగానే సగం తగ్గిపోతుంది. "బాగానే చేశారు లెండి" అంటే చేయలేదని. "పర్లేదు" అనేది గోదావరి వైపు ఒక్కోచోట మెప్పు, ఒక్కోచోట సర్దుబాటు. "సూపర్ సర్వీస్, మూడు రోజులకే అదే సౌండ్" అన్నదాంట్లో సూపర్ అన్న మాట పట్టుకుని ప్లస్ వేస్తే మన పని అంతే. పైగా సగం మంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, ఒకే మాటకి నాలుగు స్పెల్లింగులు. మాట వెతికి లెక్కపెడదామంటే కుదరదు. కూర్చుని చదవాల్సిందే. 318 కామెంట్లు ఇద్దరికి రెండు రోజుల పని, భయపడాల్సినంత కాదు.

ఇద్దరు అన్నాను. ఒక్కరే చదివితే సాయంత్రానికి ఓపిక తగ్గి అన్నీ ఒకే డబ్బాలో పడతాయి. నేనూ, మా సహోద్యోగి ఒకావిడా మొదటి 50 ముక్కలు విడివిడిగా గుర్తుపెట్టి తర్వాత పక్కపక్కన పెట్టుకున్నాం. మైనస్ అవునా, కాదా అన్నదాంట్లో 42 చోట్ల కలిసింది, అంటే 84 శాతం. సంబరపడబోయాం. కానీ ఆ 50లో ఇద్దరమూ 40 చొప్పున మైనస్‌లు వేశాం. ఇలా ప్రతి వందలో ఎనభై మైనస్ వేసే ఇద్దరు మనుషులు కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా 68 శాతం చోట్ల కలుస్తాయి. ఎనభైకి ఎనభై కలిసేది 64, ఇరవైకి ఇరవై కలిసేది 4. ఆ అదృష్టం వాటా తీసేసి చూసే లెక్క ఒకటుంది. 1960లో జేకబ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు, కప్పా అంటారు.

```
(84 - 68) / (100 - 68) = 0.5
```

ఒకటి వస్తే పూర్తిగా కలిసినట్టు, సున్నా వస్తే గుడ్డి అదృష్టం. మాది నడిమధ్య. తేడా వచ్చిన 8 ముక్కలూ తీసి చూస్తే అందులో ఐదు "పర్లేదు"లే. పర్లేదు ఒక్కటే ఉంటే రెండూ కానిది, దాని వెనక "కానీ" వస్తే మైనస్ అని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆలస్యం, బిల్లు లాంటి అంశాలకి కూడా అలాగే, దేన్ని ఎందులో వేయాలి, దేన్ని వేయకూడదు, ఒక్కో ఉదాహరణ. ఆ కాగితం లేకుండా మిగతా పని మొదలుపెట్టొద్దు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి విడతలో మాకు ఆరు అంశాలొచ్చాయి. ఆలస్యం, బిల్లు, పని నాణ్యత, సిబ్బంది మాటతీరు, వాషింగ్, ఇతరాలు. ఆలస్యం అన్నింటికన్నా పెద్దది, 110 ముక్కలు, అందులో 96 మైనస్. అక్కడితో ఆపేసి రంగురంగుల గ్రాఫ్ ఇచ్చేసేవాళ్లమే. సర్వీస్ హెడ్ గారు అప్పటికే బండ్లు పైకెత్తే లిఫ్టులు ఇంకో రెండు, నలుగురు మెకానిక్‌లు కావాలని యాజమాన్యాన్ని అడుగుతున్నారు. మా గ్రాఫ్ ఆయనకి చక్కగా పనికొచ్చేది.

అయితే నన్ను ఆపింది మైనస్‌లు కాదు, మిగిలిన 14. ఆలస్యం కింద ప్లస్‌లు ఏమిటి? తీసి చదివాను. "లేట్ అవుతుందని నాలుగింటికే ఫోన్ చేశారు, మళ్లీ మళ్లీ తిరగక్కర్లేకుండా మర్నాడు తీసుకున్నా, థ్యాంక్స్." అన్నీ ఇలాంటివే. బండి లేటే, కోపం లేదు.

అప్పుడు ఆ 96 మళ్లీ చదివాం. ఈసారి ఒక్కో ముక్కకి ఒకే ప్రశ్న. ఏం జరిగి ఉంటే ఈయన ఈ మాట రాసేవాడు కాదు? మూడు రకాల జవాబులొచ్చాయి. 58 ముక్కల్లో జవాబు "ఒక ఫోన్". చెప్పలేదు, చేస్తే ఎత్తలేదు, వచ్చాక ఇంకో గంట అన్నారు. 21 ముక్కలు అసలు సాయంత్రం గురించే కాదు, పొద్దున్నే జాబ్ కార్డ్ రాయించుకోవడానికి లైన్లో నిలబడ్డ సంగతి. పార్ట్ లేక, పని పూర్తికాక నిజంగా లేట్ అయినవి 17. లిఫ్టులు కొంటే తగ్గేది ఈ 17లో కొన్ని.

జాబ్ కార్డ్ నంబర్లు ఉంచుకున్నది ఇక్కడ అక్కరకొచ్చింది. ఫోన్ గురించిన 58 ముక్కలవీ, మెచ్చుకున్న 14 ముక్కలవీ బండ్లు ఎంత ఆలస్యమయ్యాయో సిస్టమ్‌లో చూశాం. మెచ్చుకున్నవాళ్ల బండ్లే ఎక్కువ ఆలస్యం, చాలావరకు మర్నాటికి పోయాయి. తిట్టినవి రెండు మూడు గంటలు. అందుకని "ఆలస్యం" అన్న పేరు కొట్టేసి మూడు అంశాలు చేశాం. ఆలస్యమవుతుందని చెప్పకపోవడం, పొద్దుటి లైను, పని పూర్తికాకపోవడం. చూడండి, పేరులోనే ఎవరు ఏం చేయాలో కొంత ఉంది. "కమ్యూనికేషన్" అని పెట్టి ఉంటే అది ఎవరి పనీ కాకుండా పోయేది.

ఇతరాల డబ్బా కూడా ఒకసారి తిప్పి చూడండి. మాకు అందులో 50కి పైగా ముక్కలు పడ్డాయి, పదిలో ఒకటి కన్నా ఎక్కువ. అంత ఉంటే లోపల ఏదో దాక్కుని ఉంటుంది. ఉంది. చెప్పకుండా మార్చిన పార్ట్‌లు, పాత పార్ట్ చూపించమంటే చూపించకపోవడం. అది బిల్లు కిందికి వెళ్లింది.

ఇప్పుడు పేజీ మీద వేసే మాటలు. ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఇంతకుముందు ఇలాంటి పనిలోనే, అందరూ నవ్వుతారని ఒక ఘాటైన కామెంట్ ఉన్నదున్నట్టు పెట్టాను. అందులో మెకానిక్ పేరుంది. మర్నాడు పొద్దున అందరి ముందూ ఆ కుర్రాడిని నిలబెట్టారు. ఆ అంశం కింద ఉన్న మొత్తం ముక్కలు నాలుగు. అప్పటినుంచి పేర్లు, ఫోన్ నంబర్లు, బండి నంబర్లు ముందే తీసేసి ఆ చోట "మెకానిక్" అని చదరపు బ్రాకెట్లో వేస్తున్నాను. మిగతా మాట ముట్టుకోను, వ్యాకరణం కూడా దిద్దను.

ఏ మాట ఎంచుకోవాలంటే, ఆ అంశంలోని ముక్కలన్నీ వరసగా చదివి, ఎక్కువమంది చెప్పినదాన్ని మామూలు గొంతుతో చెప్పినది. అన్నింటికన్నా కోపంగా ఉన్నది ఎప్పుడూ చదవడానికి బాగుంటుంది, అందుకే అది పనికిరాదు. దాని కిందే ఎదురు ధోరణిది ఒకటి. మా పేజీలో మొదటి అంశం ఇలా ఉంది:

"ఆలస్యమవుతుందని చెప్పకపోవడం. మైనస్ 58, ప్లస్ 14. — ఆరింటికి రమ్మన్నారు వచ్చాను, ఇంకా వాషింగ్‌కి వెళ్లలేదన్నారు, ఒక ఫోన్ చేస్తే అయిపోయేది. — లేట్ అవుతుందని నాలుగింటికే ఫోన్ చేశారు, మళ్లీ మళ్లీ తిరగక్కర్లేకుండా మర్నాడు తీసుకున్నా, థ్యాంక్స్."

పేజీ అడుగున ఒక గీత గీసి రాశాం, ఇవి గడిలో రాసినవాళ్ల మాటలు మాత్రమే, మొత్తం కస్టమర్లలో ఇంత శాతం అని వీటినుంచి చెప్పలేం అని. సర్వీస్ హెడ్ గారు వర్క్‌షాపుల వారీగా విడగొట్టమని అడిగారు. ఒకచోట ఆరు ముక్కలే ఉన్నాయి, ఆరింటిని పట్టుకుని ఆ మేనేజర్ని అడగడం న్యాయం కాదని ఇవ్వలేదు. హెడ్ గారికి కొంచెం కోపమొచ్చింది, ఫర్వాలేదు.

సోమవారం మీటింగ్‌లో ఆయన పట్టికలు చూడలేదు. ఆ రెండు మాటలు చదివి, "నాలుగింటికి ఫోన్ చేసింది ఎవరు?" అని అడిగారు. రెండో వర్క్‌షాపులో ఒక అడ్వైజర్ తనంతట తనే చేస్తోందట. మధ్యాహ్నం మూడున్నరకి పూర్తికాని జాబ్ కార్డులు చూసి నాలుగింటికల్లా ఫోన్ చేయడం మూడు చోట్లా మొదలైంది. తర్వాతి మూడు నెలల కామెంట్లు అదే కాగితం పెట్టుకుని గుర్తుపెట్టాం. చెప్పకపోవడం బాగా తగ్గింది. కొత్తగా ఇంకోటి వచ్చింది: "ఫోన్ చేసి లేట్ అన్నారు, ఎప్పటికో చెప్పలేదు." దాన్ని పాత అంశంలోనే ఉంచాలా, కొత్తది తెరవాలా అని నేనూ మా సహోద్యోగీ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.